ఫ్రెంచి ఉద్యోగ ప్రకటనలో ‘కాద్ర్’ అంటే మేనేజర్ కాదు

మన దగ్గర ఎవరైనా "కాంట్రాక్ట్ జాబ్ వచ్చింది" అంటే ఇంట్లోవాళ్లు వెంటనే అడిగేది "పర్మనెంట్ చేస్తారా మరి?" అని. కాంట్రాక్ట్, పర్మనెంట్ మనకు ఎదురెదురు మాటలు. ఫ్రాన్స్‌లో అలా కాదు, అక్కడ పర్మనెంట్ ఉద్యోగం పేరులోనే కాంట్రాక్ట్ అన్న మాట కూర్చుని ఉంటుంది. ప్రకటనలో సీడీఐ అని మూడక్షరాలు కనిపిస్తాయి. విడదీస్తే ఎప్పటిదాకా అన్నది రాయని ఒప్పందం అని అర్థం. దీన్ని డిక్షనరీ ముందు పెట్టుకుని ఇంగ్లిష్‌లో ‘కాంట్రాక్ట్ ఆఫ్ ఇన్‌డిటర్మినేట్ డ్యూరేషన్’ అని దించేస్తే, చదివిన హైదరాబాద్ కుర్రాడికి తట్టేది ఒక్కటే: ఎప్పుడు తీసేస్తారో వాళ్లకే తెలియదన్నమాట! ఫ్రెంచివాడు ఇచ్చిన హామీకి సరిగ్గా తిరగబడిన అర్థం, అదీ ఒక్క మాట కూడా తప్పు రాయకుండా.

నేను ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌కి అనువాదాలు చేస్తాను, అందులో ఉద్యోగ ప్రకటనలు చాలానే వస్తుంటాయి. నవ్వొచ్చే సంగతేంటంటే వీటిలో కష్టమైన ఫ్రెంచి ఏమీ ఉండదు. ఆరు నెలలు నేర్చుకున్నవాళ్లు కూడా చదివేయగలరు. చిక్కంతా ఆ పొడి అక్షరాల్లో, స్లాష్‌లలో, ‘సుర్ 13 మ్వా’ లాంటి చిన్న ముక్కల్లో ఉంటుంది. ఒక్కో ముక్క వెనకా ఫ్రెంచి కార్మిక చట్టంలో ఒక పేరా ఉంటుంది. ఫ్రెంచివాళ్లకు అది పుట్టుకతో తెలుసు, అందుకే ప్రకటనలో విడమరచి రాయరు.

కింద ఇచ్చింది నేను చూసే ప్రకటనల అచ్చులో తయారుచేసుకున్న నమూనా. ఏ కంపెనీదీ కాదు.

```
Chef de projet informatique (H/F) – Lyon
CDI – Statut cadre
Forfait jours (218 j/an) + RTT
Période d'essai : 4 mois, renouvelable une fois
42/46 K€ brut annuel sur 13 mois, selon profil
+ variable
Mutuelle prise en charge à 60 %, tickets restaurant
```

మొదటి లైన్‌తో పెద్ద పేచీ లేదు. ‘షెఫ్ ద ప్రొజే’ అంటే ప్రాజెక్ట్ మేనేజర్, వంటవాడు కాదు, చీఫ్ కూడా కాదు. హెచ్ స్లాష్ ఎఫ్ అంటే మగవాళ్లైనా ఆడవాళ్లైనా అని. ఫ్రెంచిలో ఉద్యోగం పేర్లకు లింగం ఉంటుంది కాబట్టి, వివక్ష లేదని చెప్పడానికి అది పెడతారు. ఇంగ్లిష్‌లో ‘ప్రాజెక్ట్ మేనేజర్’కి లింగం లేదు, తీసేయడమే. దాన్ని ‘ఎం/ఎఫ్’ అని మార్చి అలాగే ఉంచితే తప్పు కాదు గానీ, అనువాదం అని మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది.

ఇక సీడీఐ. బ్రిటన్ వాళ్లకోసమైతే ‘పర్మనెంట్ కాంట్రాక్ట్’ హాయిగా సరిపోతుంది. ఐరోపా సంస్థల పత్రాల్లో ‘ఓపెన్-ఎండెడ్ కాంట్రాక్ట్’ అంటారు, అదీ సరైనదే, కాకపోతే ప్రకటనలో కాస్త ఆఫీసు వాసన కొడుతుంది. అమెరికా వాళ్లకైతే ఆలోచించాలి. అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో యజమాని ఎప్పుడైనా, కారణం చెప్పకుండా కూడా మానిపించవచ్చు. అందుకే కంపెనీలు ‘పర్మనెంట్’ అన్న మాట రాయడానికి జంకుతాయి, ‘రెగ్యులర్’ అంటాయి. ఫ్రాన్స్‌లో సీడీఐ మీదున్న మనిషిని ట్రయల్ కాలం దాటాక తీసేయాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి, పద్ధతి పాటించాలి. మన దగ్గరికి వస్తే ఇంకో మెలిక: ‘కాంట్రాక్ట్’ అన్న మాట కనబడగానే మనవాళ్లు థర్డ్ పార్టీ పేరోల్ అనుకుంటారు. అందుకని నేను ‘పర్మనెంట్ పొజిషన్’ అని రాసి, పక్కన ఫ్రెంచి సీడీఐ అని అక్షరాలు ఉంచేస్తాను. ఆ అక్షరాలు ఉంచడం బద్ధకం కాదు. రేపు వీసా కాగితాల్లో, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఆ అభ్యర్థికి ఎదురయ్యేది ఆ మూడక్షరాలే. పారిస్‌లో ఇంటి ఓనర్ ముందుగా అడిగే ప్రశ్నల్లో "సీడీఐయేనా?" అన్నది ఒకటి.

సీడీఐ బదులు సీడీడీ ఉంటే కథ మారుతుంది. అది గడువున్న ఒప్పందం, ఇంగ్లిష్‌లో ‘ఫిక్స్‌డ్-టర్మ్ కాంట్రాక్ట్’. చాలామంది ‘టెంపరరీ’ అని రాస్తారు, నాకు అది నచ్చదు, ఎందుకంటే ఫ్రాన్స్‌లో ఏజెన్సీ ద్వారా పంపే తాత్కాలిక పని వేరే ఉంది, దాని పేరు ‘అంతెరిమ్’. ‘టెంపరరీ’ని సీడీడీకి ఖర్చు పెట్టేస్తే అంతెరిమ్‌కి మాట మిగలదు. పైగా సీడీడీని యజమాని తన ఇష్టం వచ్చినట్టు పెట్టడానికి లేదు, సెలవులో ఉన్నవాళ్ల బదులు, పని ఒక్కసారిగా పెరిగినప్పుడు, సీజన్ పనులకు అన్నట్టు చట్టం కారణాలు చెప్పింది, మామూలుగా 18 నెలలు దాటకూడదు. ప్రకటనలో ఆ కారణం రాసి ఉంటే అనువాదంలో పోనివ్వకండి. ప్రసూతి సెలవు బదులు ఆరు నెలలు అని ఉంటే బ్రిటన్ ఇంగ్లిష్‌లో దానికి ‘మెటర్నిటీ కవర్’ అని చక్కటి మాట సిద్ధంగా ఉంది.

సీడీడీ ప్రకటనల్లో అప్పుడప్పుడు ‘ప్రీమ్ ద ప్రెకారితే’ అని తగులుతుంది. గడువు అయిపోయాక పర్మనెంట్ చేయకపోతే, మొత్తం తీసుకున్న స్థూల జీతంలో మామూలుగా 10 శాతం అదనంగా ఇచ్చే డబ్బు. నెలకు 2,400 యూరోల చొప్పున ఆరు నెలలైతే 14,400, దాని మీద 1,440. దీన్ని ‘ప్రెకారిటీ బోనస్’ అంటే ఇంగ్లిష్ చదివేవాడు బిత్తరపోతాడు. ‘ఎండ్-ఆఫ్-కాంట్రాక్ట్ పేమెంట్’ అంటే పని జరిగిపోతుంది. ప్రకటనలో ఆ మాట లేకపోతే మాత్రం మీరు చేర్చకండి. సీజన్ పనుల్లాంటి వాటికి అది రాదు, మీకు తెలిసిన చట్టం ఆ ఉద్యోగానికి వర్తిస్తుందో లేదో తేల్చడం అనువాదకుడి పని కాదు.

ఇప్పుడు అసలైన ముల్లు, రెండో లైన్‌లో ‘స్తాత్యు కాద్ర్’. ఇంగ్లిష్‌లో ఇదే స్పెల్లింగ్ ఉన్న మాట మనకు బాగా అలవాటు, పార్టీ కేడర్ అంటాం, ఐఏఎస్‌లలో తెలంగాణ కేడర్, ఆంధ్రా కేడర్ అంటాం. ఫ్రెంచి ఉద్యోగ ప్రకటనలో ఈ రెండింటికీ సంబంధం లేదు. మరి ఏమిటది? హోదా. పని కాదు, పదవి కాదు, ఉద్యోగుల్లో ఒక తరగతి. 1947 మార్చి 14న కుదిరిన ఒప్పందంతో ఈ తరగతివాళ్లకు ఆజిర్క్ అనే వేరే అదనపు పెన్షన్ ఏర్పాటు వచ్చింది. మిగతా ఉద్యోగులది ఆర్కో. 2019 జనవరి 1న రెండూ కలిసిపోయాయి, కాబట్టి పెన్షన్ గోడ కూలింది, కానీ హోదా మాత్రం ఎక్కడికీ పోలేదు. ట్రయల్ కాలం ఎంత, నోటీసు ఎంత, పని గంటల్లో లెక్కా రోజుల్లో లెక్కా అన్నవి ఇప్పటికీ దాన్ని బట్టే మారుతుంటాయి. కాద్ర్‌ల ఉద్యోగాలకోసం ఆపెక్ అని 1966 నుంచి ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది.

ఎక్కువమంది చేసే పొరపాటు దీన్ని ‘మేనేజర్’ అనడం. ఇంజనీరింగ్ స్కూలు నుంచి నిన్న బయటికొచ్చిన ఇరవై మూడేళ్ల పిల్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాద్ర్‌గానే చేరుతుంది, ఆమె కింద ఒక్కరూ ఉండరు. అలాంటి ప్రకటనలో ‘మేనేజర్ స్టేటస్’ అని పెడితే, టీమ్‌ని నడిపిన అనుభవం లేదని సరైనవాళ్లు దరఖాస్తు చేయరు, టీమ్ ఉంటుందని ఆశపడ్డవాళ్లు చేస్తారు. రెండో పొరపాటు ‘ఎగ్జిక్యూటివ్’. ఇది ఇంకా తమాషా. అమెరికాలో ఎగ్జిక్యూటివ్ అంటే పై అంతస్తులో కూర్చునే మనిషి, మన దగ్గర సేల్స్ ఎగ్జిక్యూటివ్ అంటే ఎండలో బైక్ మీద తిరిగే కుర్రాడు. ఒకే మాట ఒకచోట మరీ ఎత్తుకి, ఇంకోచోట మరీ కిందికి పోతుంది, కాద్ర్ మాత్రం ఆ రెండుచోట్లా ఉండదు. ఫ్రెంచి చట్టంలో పై అంతస్తువాళ్లకు ‘కాద్ర్ దిరిజాఁ’ అని వేరే పేరుంది, ప్రకటనలో సరిగ్గా ఆ మాటే కనబడితే అప్పుడు ‘సీనియర్ ఎగ్జిక్యూటివ్’ అనండి.

మూడోది కాస్త తెలివైన పొరపాటు, అమెరికన్ మాట ‘ఎగ్జెంప్ట్’ వాడటం. ఓవర్‌టైమ్ డబ్బు రాని ఉద్యోగి అని దానర్థం. మొదట్లో నాకూ భలే కుదిరిందే అనిపించింది. కానీ ఫ్రాన్స్‌లో మామూలు ఉద్యోగుల్లాగే టీమ్ వేళల్లో పనిచేసి, ఓవర్‌టైమ్ హక్కు ఉన్న కాద్ర్‌లు కూడా ఉన్నారు. అంటే ఓవర్‌టైమ్ సంగతి హోదాలో లేదు, మూడో లైన్‌లో ఉంది. రెండో లైన్‌కి మూడో లైన్ అర్థం తగిలించకూడదు.

మరి ఏం రాయాలి? ‘ప్రొఫెషనల్-గ్రేడ్’ అని రాసి, పక్కన కాద్ర్ అన్న ఫ్రెంచి మాట ఉంచుతాను. టీమ్ నిజంగా ఉంటే ‘ప్రొఫెషనల్ అండ్ మేనేజీరియల్’ అంటాను. టీమ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? హోదా లైన్‌లో వెతకొద్దు, పని వివరాల్లో వెతకాలి. అక్కడ ‘ఆంకాద్రే’ అనే క్రియ గానీ, ఇంతమంది టీమ్‌ని చూసుకోవాలి అన్న అంకె గానీ ఉంటుంది. అది లేకపోతే మనుషులు లేరు. అదే కుటుంబంలోని ఇంకో మాట ‘అజాఁ ద మెత్రీజ్’, ఏజెంటూ కాదు, మాస్టరూ కాదు, మామూలు ఉద్యోగికీ కాద్ర్‌కీ మధ్య మెట్టు. సందర్భాన్ని బట్టి ‘సూపర్‌వైజరీ గ్రేడ్’ దగ్గరగా ఉంటుంది.

హోదా తప్పు రాస్తే కింది లైన్లు ఎలా అడ్డం తిరుగుతాయో ట్రయల్ కాలంలో చూడవచ్చు. సీడీఐలో చట్టం పెట్టిన పరిమితి మామూలు ఉద్యోగులకు రెండు నెలలు, మధ్య మెట్టువాళ్లకు మూడు, కాద్ర్‌లకు నాలుగు. ఆ రంగం ఒప్పందం అనుమతిస్తే ఒకసారి పొడిగించవచ్చు, కాద్ర్‌కి మొత్తం ఎనిమిది. మన నమూనాలో నాలుగు నెలలు, ఒకసారి పొడిగింపు అని ఉంది, కాద్ర్‌తో అతికినట్టు సరిపోయింది. అదే ప్రకటనలో కాద్ర్ కాదని రాసి నాలుగు నెలలు అని ఉంటే, కంపెనీవాళ్లు పాత ప్రకటనని కాపీ కొట్టారేమో అని నేను ఒక మెయిల్ పెడతాను. అనువాదకుడికి దొరికే చవకైన పరీక్ష ఇది.

మూడో లైన్, ‘ఫోర్ఫే జూర్’. గంటలు లెక్కపెట్టకుండా ఏడాదికి ఇన్ని రోజులు అని కుదుర్చుకునే పద్ధతి, చట్టం ప్రకారం మామూలు గరిష్ఠం 218. దీన్ని ‘ఫ్లెక్సిబుల్ అవర్స్’ అంటే అబద్ధం. వాళ్లు వేళల వెసులుబాటు గురించి ఏమీ చెప్పలేదు, గంటల లెక్క ఉండదని మాత్రమే చెప్పారు, అంటే గంటల వారీ ఓవర్‌టైమ్ కూడా ఉండదు. పక్కన ఉన్న ఆర్‌టీటీని విడదీస్తే ‘పని సమయం తగ్గింపు’ అని వస్తుంది, దాన్ని అలాగే ఇంగ్లిష్ చేస్తే పార్ట్‌టైమ్ అని, జీతం కూడా కోస్తారని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి అవి అదనపు సెలవు రోజులు. వారానికి 35 గంటల పని చట్టాల కాలంలో, 1998, 2000లలో, ఈ పేరు స్థిరపడింది. ఎన్ని రోజులో ప్రకటనలో ఎందుకు రాయలేదంటే అది ఏటా మారుతుంది. 2025 తీసుకోండి: 365లో శని ఆదివారాలు 104, మామూలు సెలవులు 25, పని రోజుల్లో పడ్డ పండుగలు 10 తీసేస్తే 226 మిగిలాయి, అందులో 218 పనిచేయాలి, మిగిలిన 8 ఆర్‌టీటీ. కాబట్టి ‘ఎడిషనల్ డేస్ ఆఫ్’ అని రాసి అక్షరాలు ఉంచితే చాలు, అంకె మీరు వేయకండి.

జీతం దగ్గరికొద్దాం. ఇక్కడ నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ‘సుర్ 13 మ్వా’ అన్న ముక్కని ‘ప్లస్ థర్టీన్త్ మంత్’ అని రాసేశాను, బోనస్ లాంటిదేగా అని. అభ్యర్థి ఒకాయన ఇంటర్వ్యూలో ఆ పదమూడో నెల డబ్బు గురించి అడిగితే, కంపెనీవాళ్లు తెల్లబోయి, చివరికి మెయిల్ నాకొచ్చింది. లెక్క చూడండి. ఏడాదికి 42,000 యూరోలు, పదమూడు నెలల మీద. అంటే మొత్తం 42,000నే, దాన్ని పదమూడు ముక్కలు చేసి ఇస్తారు, ఒక్కో ముక్క సుమారు 3,231. పదమూడో ముక్క చాలాచోట్ల డిసెంబర్‌లోనో, లేదా రెండు విడతలుగా వేసవిలో, ఏడాది చివర్లోనో వస్తుంది. నేను రాసిన ఇంగ్లిష్ ప్రకారమైతే నెలకు 3,500 చొప్పున పన్నెండు నెలలు, పైన ఇంకో 3,500, మొత్తం 45,500. లేని 3,500 యూరోలు నా కలం పుట్టించింది. అప్పట్నుంచి ‘పెయిడ్ ఇన్ థర్టీన్ ఇన్‌స్టాల్‌మెంట్స్’ అని రాస్తున్నాను. ప్రకటనలో కూడిక గుర్తు ఉండి పదమూడో నెల అని ఉంటే మాత్రం అది నిజంగానే పైన. నెల జీతం ఒక్కటి రాసి, గుర్తేమీ లేకుండా పక్కన ‘13వ నెల’ అని వదిలేసిన సందర్భాల్లో ఊహించకుండా అడగడమే మంచిది.

‘42/46’లో ఆ గీత భాగహారమూ కాదు, రెండింట్లో ఒకటీ కాదు, 42 నుంచి 46 దాకా అని. కే అంటే వేలు. ‘సెలాఁ ప్రొఫీల్’ అంటే నీ చదువు, అనుభవం చూసి ఎక్కడ పెట్టాలో చూస్తాం అని, ఇంగ్లిష్‌లో ‘డిపెండింగ్ ఆన్ ఎక్స్‌పీరియన్స్’ దానికి సరితూగుతుంది, ‘ప్రొఫైల్’ అక్కర్లేదు. అంకెల్లో ఇంకో జాగ్రత్త, ఫ్రెంచిలో వేల దగ్గర ఖాళీ వదిలి, పైసల ముందు కామా పెడతారు, మనం తిప్పి రాయాలి. గంటకు 12,50 అని ఉంటే పన్నెండున్నర యూరోలు, పన్నెండు వందల యాభై కాదు.

‘బ్రూట్’ అంటే గ్రాస్. అంతే అనిపిస్తుంది, కానీ మనవాళ్లకు ఇక్కడ ఒక అపోహ ఉంది. మన దగ్గర ఆఫర్ అంటే సీటీసీ, అందులో కంపెనీ కట్టే పీఎఫ్ కూడా కలిపేసి చూపిస్తారు. ఫ్రెంచి బ్రూట్‌లో యజమాని కట్టే చందాలు ఉండవు, అవి దాని పైన వేరే. బ్రూట్‌లోంచి కోసేది ఉద్యోగి వాటా మాత్రమే, కాద్ర్‌కి స్థూలంగా నాలుగో వంతు దాకా పోతుంది. కాబట్టి ఇండియా వాళ్లకోసం చేసే అనువాదంలో దీన్ని సీటీసీ అని రాస్తే అభ్యర్థికి తక్కువ చేసి చూపించినట్టే.

దీనికంటే లోతైన గుంట ‘నెట్’. ఇంగ్లిష్ చదివేవాళ్లకు నెట్ అంటే చేతికొచ్చేది, పన్ను కూడా పోగా. ఫ్రాన్స్‌లో చాలాకాలం ఆదాయపు పన్నుని ఉద్యోగి తర్వాత విడిగా కట్టుకునేవాడు, జీతంలోంచి కోసేవాళ్లు కాదు, అందుకని నెట్ అంటే సామాజిక చందాలు పోగా మిగిలింది అని స్థిరపడింది. 2019 జనవరి నుంచి పన్ను కూడా జీతంలోనే కోస్తున్నారు, జీతం చీటీలో ఇప్పుడు పన్నుకు ముందు నెట్, పన్ను తర్వాత నెట్ అని రెండు కనిపిస్తాయి. ప్రకటనలో ఒట్టి నెట్ అని ఉంటే దాదాపు ఎప్పుడూ మొదటిదే. అక్కడ ‘నెట్ బిఫోర్ ఇన్‌కమ్ టాక్స్’ అని రాయకపోతే, మొదటి జీతం రోజున ఆ మనిషి మీ అనువాదాన్నే తిట్టుకుంటాడు.

చివరి లైన్‌లో ‘మ్యుత్యుయెల్’ని మ్యూచువల్ ఫండ్ అనుకోకండి. ప్రభుత్వ బీమా కట్టగా మిగిలిన వైద్య ఖర్చుకు తోడుండే ఆరోగ్య బీమా. 2016 నుంచి ప్రైవేటు యజమానులందరూ ఇవ్వాలి, ప్రీమియంలో కనీసం సగం భరించాలి. కాబట్టి 60 శాతం అన్నది వైద్య ఖర్చులో వాటా కాదు, ప్రీమియంలో కంపెనీ వాటా. ఈ ఒక్క మాట తేడాతో ఆసుపత్రి బిల్లు లెక్కలు మారిపోతాయి.

ఇవన్నీ పెట్టుకుని చేస్తే ఇంగ్లిష్ ఇలా వస్తుంది:

```
IT Project Manager – Lyon, France
Permanent position (French CDI)
Professional-grade (cadre) status
218 working days per year (no hourly count),
  plus additional days off (RTT)
Probation period: 4 months, renewable once
€42,000–€46,000 gross per year, depending on
  experience, paid in 13 instalments
Plus variable pay
Supplementary health insurance (employer pays 60%
  of the premium), meal vouchers
```

మూలం కంటే నాలుగు లైన్లు పెరిగింది, పెరగక తప్పదు. క్లయింట్ "ఎందుకింత పొడుగైంది?" అంటే ఏ ముక్క తీసేసినా చదివేవాడికి ఏది తెలియకుండా పోతుందో చెప్పండి, సాధారణంగా ఒప్పుకుంటారు. నేను మాత్రం ఇది పంపేటప్పుడు ఒక ప్రశ్న కూడా జతచేస్తాను, ఆ ‘వేరియబుల్’ గురించి. ఏడాది 42/46 వేలకు పైనే అని కూడిక గుర్తు చెబుతోంది, కానీ ఎంత శాతం, టార్గెట్ కొడితేనా, మొదటి ఏడాదికి వర్తిస్తుందా అన్నది లేదు. చాలాసార్లు జవాబు "అలాగే ఉంచేయండి" అని వస్తుంది. అప్పుడు ‘బోనస్’ అని మార్చకుండా ‘వేరియబుల్ పే’ అనే ఉంచుతాను, ఎందుకంటే ఫ్రెంచిలో వాళ్లు చెప్పకుండా వదిలేసింది ఇంగ్లిష్‌లో నేను చెప్పకూడదు.